గీత దాటని పెట్టె

పదిహేనేళ్లు నిండబోతున్న తమ్ముణ్ణి ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, అక్క అందరూ ఇంకా బుడ్డోడనే పిలుస్తారు. ఇంటిల్లిపాదిలో అందరికన్నా పొడుగైనవాడు, గుమ్మం దాటేటప్పుడు తల వంచుకోవాల్సినవాడు, అయినా బుడ్డోడే. వాడి నోట ఆరు నెలలుగా ఒకటే జపం. టీవీకి తగిలించి ఆడుకునే గేమింగ్ కన్సోల్ కావాలి.

అమ్మ దర్జీ. ఆమెకు ప్రతిదానికీ కొలత ఉండాలి. ఎవరి పుట్టినరోజు దగ్గరపడినా, గుడ్డ మీద గీసే సుద్దతో బీరువా తలుపు లోపల ఒక అంకె వేసి, కింద గీత గీస్తుంది. మిగతా నలుగురూ ఇచ్చే కానుకలన్నీ కలిపినా ఆ గీత దాటకూడదు. ఆ అంకెను నాలుగు వాటాలు చేస్తుంది. ఎవరి వాటాతో వాళ్లు కొనాలి, ఏం కొన్నారో ఇంకొకరికి చెప్పకూడదు.

"ముందే తెలిస్తే అది కానుక కాదు, సరుకుల జాబితా" అంటుంది.

"ఈసారికి కొంచెం గీత జరుపుదామే" అని నాన్న ఒకసారి గొణిగాడు.

"కొలత తీశాక గుడ్డ పెరుగుతుందా?" అంది అమ్మ. అంతే, నాన్న మళ్లీ పేపరు వెనక్కి వెళ్లిపోయాడు.

అక్క కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఆ దుకాణం వేరే ఊళ్లో కొత్త శాఖ తెరిచి ఆమెను అక్కడికి వేసింది. సోమవారం ప్రయాణం, దానికి ముందు శుక్రవారమే తమ్ముడి పుట్టినరోజు. ఆమెకు ప్రయాణం కన్నా ఫోనే భయం. వీడు ఫోనులో మూడు మాటలకు మించి మాట్లాడడు. "ఊ", "సరే", "ఉంటానక్కా". ఊరు మారితే ఆ మూడు మాటలే మిగులుతాయి, తర్వాత రెండు, ఆ తర్వాత పండక్కి పబ్బానికి ఒకటి. ఇలా దూరమైపోయిన వాళ్లను ఆమె చూసింది.

కానీ ఆటలో కూర్చుంటే వీడు వేరే మనిషి. పోయిన నెల స్నేహితుడింట్లో ఆడుతున్న వాణ్ణి పిలుచుకురావడానికి వెళ్తే, చేతిలో రిమోట్, కళ్లు తెర మీద, నోరు మాత్రం కట్టలు తెగిన చెరువు. లెక్కల్లో మార్కులు తగ్గిన సంగతి, బెంచీ మార్చిన సంగతి, ఎవరో ఏదో అంటే బాధపడ్డ సంగతి, తల తిప్పకుండానే అన్నీ చెప్పేశాడు. వాళ్లు ఆడే ఆటను డబ్బు కట్టకుండానే దించుకోవచ్చు, ఫోనులోంచి కూడా వాళ్లతో కలిసి ఆడుతూ మాట్లాడుకోవచ్చు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు ఆ కన్సోల్ మీద తమ్ముడికన్నా ఎక్కువ ఆశ పుట్టింది.

తన వాటాతో కన్సోల్ రాదు. అయితే నాన్న సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోంచి బయటికి రావడం ఆమె కళ్లారా చూసింది. 'అమ్మా నాన్నా రహస్యంగా వాటాలు కలిపేశారు!' అనుకుని, తన వాటాతో ఆటలు కొనుక్కునే కోడ్ ఉన్న కార్డు కొంది.

శుక్రవారం సాయంత్రం బుడ్డోడు నాన్న పొట్లం విప్పాడు. ఆటకు వాడే రిమోట్ లాంటి కంట్రోలర్. "ఓయ్!" అని ఎగిరాడు. అమ్మది విప్పాడు. చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్. నాయనమ్మది విప్పాడు. ఆట డిస్కు, అట్ట మీద గుర్రం ఎక్కిన వీరుడు. అక్కది విప్పాడు. కార్డు.

వాడు బల్ల కింద చూశాడు. సోఫా వెనక చూశాడు.

"మరి కన్సోల్ పెట్టె ఏదీ?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు కొన్నారనుకున్నా" అంది అమ్మ నాన్నతో.

"నువ్వూ మా అమ్మా కలిసి కొన్నారనుకున్నా! మీరిద్దరూ వంటింట్లో గుసగుసలాడారు కదా?"

"అది నా మోకాలి గురించిరా" అంది నాయనమ్మ.

"అంటే," అన్నాడు బుడ్డోడు నిదానంగా, "గుర్రం లేకుండా జీను, కళ్లెం, గడ్డి కొన్నారన్నమాట."

నాయనమ్మ పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు. నవ్వకపోయినా, పెద్దవాళ్ల ముందు మొహం మామూలుగా పెట్టుకోవాలని చూస్తున్నాడు. మర్యాదకు వాడు డిస్కు తీసి, పైన బిగించిన ప్లాస్టిక్ కాగితం అంచులో గోరు దూర్చాడు.

"చించకురా!" అక్క ఒక్క గెంతులో డిస్కు లాక్కుంది. "సీలు ఉంటే, బిల్లు ఉంటే, వారంలోపు వెనక్కి తీసుకుంటారు. చించావా, అది ఇక మన ఇంటి ఆస్తి!"

హెడ్‌సెట్‌, కంట్రోలర్‌ల సీళ్లూ ఇంకా ఊడలేదు. కోడ్ కార్డు మాత్రం అమ్మేశాక వెనక్కి తీసుకోరు.

శనివారం పొద్దున్నే అమ్మ బిల్లులు చేత పట్టుకుని ముందు నడిచింది. మూడు వస్తువులకూ డబ్బు తిరిగి వచ్చింది. అక్కణ్ణుంచి సెకండ్‌హ్యాండ్ దుకాణానికి. చెవి సందులో స్క్రూడ్రైవర్ పెట్టుకున్న దుకాణదారు, నాన్నను చూడగానే, "ఆ రోజు ధర విని పారిపోయారు కదండీ!" అన్నాడు.

"పారిపోలేదు, గీత దగ్గర ఆగాను" అన్నాడు నాన్న.

అక్క కార్డు ఏ కంపెనీదో ఆ కంపెనీ కన్సోలే కొనాలి. పాత మోడల్ ఒకటి ఉంది. కానీ మూడు వాటాలూ పోసినా ధరకు కొంచెం తక్కువే. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

బుడ్డోడు జేబులోంచి చేతిలో పట్టుకుని ఆడే తన పాత గేమ్ తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని మార్పిడికి తీసుకుంటారా అంకుల్? అమ్మా, ఇది నాది. ఇది గీతలోకి రాదు కదా?"

అమ్మ ఆలోచించింది. "పాత బట్ట అతుకు వేస్తే కొత్త గుడ్డ ఖర్చు కాదు. సరే."

"ఒక్క నిమిషం" అని వాడు అందులోని తన అత్యధిక స్కోరును పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాడు.

"ఇప్పుడు పరీక్ష" అంది అక్క. కళ్లద్దాలు బిగించే చేతికి తొందర తెలియదు. టీవీకి పెట్టించింది. డిస్కు చదివించింది. కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే పుల్లను ముట్టుకోకుండా వదిలేసి తెర చూసింది. తెర మీది మనిషి తనంతట తానే ఎడమకు నడుస్తున్నాడు.

"వీడెక్కడికండీ, ఎవరూ పంపకుండానే?"

"పుల్ల అరిగిందమ్మా" అని దుకాణదారు నవ్వి, వేరే కంట్రోలర్ తెచ్చాడు. అందులో మనిషి కదలకుండా నిలబడ్డాడు. పాత యజమాని ఖాతా ఇంకా లోపలే ఉంటే, దాన్ని తీసేయించి, మొత్తం చెరిపించి, ఇంటర్నెట్‌కు కలుస్తుందో లేదో చూశాకే తలూపింది.

"నేను అమ్ముతోంది కన్సోలా, ఇల్లా?" అన్నాడు దుకాణదారు.

ఇంటికొచ్చాక హెడ్‌సెట్ లేదన్న సంగతి గుర్తొచ్చింది. అక్క తన పాత తీగ ఇయర్‌ఫోన్స్ తెచ్చి కంట్రోలర్‌కు గుచ్చింది. వాటికి మైకు ఉంది. సరిపోయింది.

ఆదివారమంతా ఇల్లు యుద్ధభూమి. నాయనమ్మ మంచం మీద కూర్చుని "వెనకాల వస్తున్నాడురా!" అని ప్రతి రెండు నిమిషాలకూ తప్పుడు కబురు చెప్పింది.

సోమవారం బస్సు దగ్గర తమ్ముడు సంచి పైకెత్తి, "ఊ, వెళ్లిరా" అన్నాడు. ఆ మాటే. అక్క కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడలేదు.

మర్నాడు సాయంత్రం, దుకాణం మూశాక, కొత్త గదిలో ఇంకా విప్పని సంచి మీదే కూర్చుని ఫోనులో ఆట తెరిచింది. ఎక్కడ దిగాలో తెలియక ఓ ఇంటి మిద్దె మీద దిగింది.

"అక్కా, మిద్దె మీద ఎందుకే? కిందికి దూకు! అటు కాదు, ఇటు! నీ కళ్లద్దాలు నువ్వు పెట్టుకోవా?"

"పెట్టుకున్నాన్రా!"

"అయితే నంబరు మార్చు. నా వెనకాలే ఉండు. ఇవాళ నాకు కొత్త బెంచీ, కిటికీ పక్కన, బాగుంది. పొడుగ్గా ఉన్నానని వెనక్కి వేశారు. అదిగో తుపాకీ, తీసుకో. తీసుకున్నావా? గది ఎలా ఉంది? ఫ్యాను శబ్దం చేస్తోందా? నాకు వినిపిస్తోంది. అమ్మేమో రాత్రి నీ కంచం కూడా పెట్టేసి మళ్లీ తీసేసింది, నేను చూశానని తనకి తెలియదు. ఆగు, ఆగు, కదలకు!"

అక్క కదలలేదు. తెర మీద ఎవరో వచ్చి ఆమెను కాల్చేశారు.

"చచ్చిపోయావా అప్పుడే!" తమ్ముడు గొల్లున నవ్వాడు. "ఉండు, నేనొచ్చి లేపుతా. పక్కకెళ్లిపోకు, అక్కడే ఉండు."

"ఇక్కడే ఉన్నాన్రా" అంది అక్క.