లాకర్లు ఖాళీ చేయమన్నారు

కాల్గరీలో స్టడీ పర్మిట్ దరఖాస్తులు చూసే ఆ ప్రభుత్వాఫీసులో, మేనేజర్ ఎమిలీ నుంచి కిటికీ వైపు వరుసకు మెయిల్ వచ్చింది: శుక్రవారంలోగా లాకర్లు ఖాళీ చేయండి. ఎందుకో రాయలేదు. విద్యార్థులు వెల్లువలా వచ్చిపడినప్పుడు టెర్మ్ మీద, అంటే గడువు పెట్టి తీసుకున్నవాళ్లంతా కూర్చునేది ఆ వరుసలోనే. అక్కడ లాకరు ఖాళీ చేసేది ఉద్యోగం పోయినవాళ్లే. ఇక చెప్పేదేముంది?

"మన టెర్మ్‌లు రెన్యూ చేయరంట" అంది కాఫీ గదిలో మృదుల. మధ్యాహ్నానికి 'అంట' రాలిపోయింది. సాయంత్రానికి తీసేసేవాళ్ల జాబితా కూడా తయారైపోయింది. దాన్ని కళ్లతో చూసిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

అదే వరుసలో కూర్చునే జ్ఞానవతి గడువు ఈ నెలాఖరుతో సరి. భర్త యెహెజ్కేలు ఇంకా పని వెతుక్కుంటున్నాడు. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌వాళ్లు ఆమెకు నైట్ షిఫ్టు ఇస్తామన్నారు గానీ, ఏ సంగతీ మర్నాటికల్లా తేల్చమన్నారు. మర్నాడు ఆమె రాజీనామా మెయిల్ రాసి, పంపడానికి చెయ్యి రాక, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

పక్క సీటులో పాతకాపు శేషగిరి గారు అది చూశారు.

"ఏంటమ్మా, ఏమైంది?"

"రెన్యూ చేయరంట కదండీ. గోడౌన్‌లో జాయిన్ అయిపోతాను."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారండీ."

"ఆ అందరిలో సంతకం పెట్టేవాళ్లు ఉన్నారా? రిజిగ్నేషన్ యాక్సెప్ట్ చేశాక వెనక్కి తీసుకోవడం నీ చేతిలో ఉండదు. ముందు ఎమిలీకి మెయిల్ పెట్టు. లాకర్లు ఎందుకు, నా టెర్మ్ సంగతేంటి, అంతే. ఏడుపు రాయకు, ఎవరి పేరూ రాయకు."

జ్ఞానవతి రాసింది. భోజనాల వేళకు జవాబొచ్చింది. కార్పెట్ మారుస్తున్నారు, అందుకే లాకర్లు జరపాలి, ఆ ముక్క రాయకపోవడం తన పొరపాటే అంది ఎమిలీ. డైరెక్టర్ సంతకం అయ్యేదాకా పొడిగింపు గురించి నోరు విప్పకూడదనీ, ఈ ఉదయమే అయిందనీ, ఉత్తరం జత చేశాననీ రాసింది. ఇంకో ఏడాది. గడువు తీరకముందే సంతకం చేసి పంపమంది.

జ్ఞానవతి రాజీనామా చెరిపేసింది. గోడౌన్‌కు రానని చెప్పేసి, యెహెజ్కేలుకు ఫోన్ చేసి, ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చింది.

ఈలోగా ఎమిలీ వరుస మొత్తానికీ మెయిల్ పంపింది: కార్పెట్ సంగతీ, మిగతావాళ్ల పొడిగింపు ఉత్తరాలు ఇవాళే వస్తున్నాయన్న సంగతీ. కానీ ఒక్కరి ముఖమూ తేటపడలేదు. మృదుల కుర్చీ జరుపుకుని దగ్గరకొచ్చింది.

"మెయిల్ చదివాన్లే. అసలు సంగతి చెప్పు."

జ్ఞానవతి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పకు. కార్పెట్టే. మన లెటర్లన్నీ వచ్చేస్తున్నాయి."

ఆమె టీ కలుపుకుని వచ్చేసరికి వరుసంతా నవ్వుతోంది.