కందిపొడిలో వేరుశనగ

బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ప్రేమ్ బజార్ జిరాక్సు దుకాణం పై అంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసుకు వినీత మూడు నెలల ఇంటర్న్‌గా వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకులకు తెలుగులో వివరణలు రాయడం ఆమె పని. ఈ శనివారంతో మూడు నెలలూ నిండుతాయి. ఆ రోజు ఆఫీసు నడిపే ప్రదీప్ సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇస్తేనే కాలేజీలో చివరి సెమిస్టర్ మార్కులు పడతాయి. నెలాఖరులోగా కాగితం అందకపోతే ఏడాది పోతుంది.

పని చెప్పినంత తేలిక కాదు. ఒక్కో సరుకుకు అరవై మాటలు. మొదట అది దేనికి పనికొస్తుందో, ఆ తర్వాత అందులో ఏమున్నాయో రాయాలి. ‘అద్భుతం’, ‘నంబర్ వన్’ లాంటివి రాకూడదు. ఇంట్లో పెద్దావిడ నెమ్మదిగా చెబుతున్నట్టుండాలి, అన్ని పేజీలూ ఒకే గొంతుతో. వినీత ఆ ఊళ్లోనే పుట్టిపెరిగిన పిల్ల. మొదటి వారం ఆమె రాసిన వాక్యాల్లో ఇంట్లో మాట్లాడే యాస జొరబడితే ప్రదీప్ ఎర్రరంగుతో కొట్టేసేవాడు. ఇప్పుడు ఆ పెద్దావిడ గొంతు ఆమెకు నిద్రలో కూడా పలుకుతోంది.

బుధవారం పదకొండింటికి ఒక ప్రశ్న వచ్చింది. అదే ఊళ్లో గోల్‌బజార్‌లో కన్యకాంబ గారు తయారుచేసే కందిపొడి పేజీ కింద ఆసన్‌సోల్ నుంచి ఎవరో తల్లి అడిగింది: మా పాపకు వేరుశనగ పడదు, ఈ పొడి పెట్టవచ్చా అని. పేజీలో ‘వేరుశనగ లేనిది’ అని ఉంది. పెట్టవచ్చని అదే గొంతుతో రెండు వాక్యాలు రాయమన్నాడు ప్రదీప్.

వినీత రాయబోతూ, కొత్తగా వచ్చిన ప్యాకెట్ ఫొటోలు తెరిచింది. వెనకవైపు లేబుల్‌ని పెద్దది చేసి చూస్తే కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర తర్వాత వేరుశనగ అని స్పష్టంగా ఉంది. కన్యకాంబ గారు సంవత్సరం క్రితం పంపిన వివరాల పట్టికలో అది లేదు. రెండూ కలవకపోతే సరుకు తయారుచేసేవాళ్లని అడగాలని ఆఫీసు నియమమే చెబుతుంది. కానీ ఇంటర్న్‌లు వాళ్లతో మాట్లాడకూడదని కూడా అదే చెబుతుంది.

ప్రదీప్ ఫొటో చూశాడు. మొహం వాడిపోయింది. కన్యకాంబ గారికి కోపమొస్తే పొడులన్నీ ఇంకొకరి చేత రాయించుకుంటుందని, నెమ్మదిగా వచ్చేవారం అడుగుదామని అన్నాడు.

“దాదా, అంతవరకు ఆ తల్లికి ఏటని సెప్పాలి?”

“ఏటీ సెప్పకు. ఊరుకో. శనివారం నీ కాగితం తీసుకుని ఎల్లిపో.”

జవాబు పెట్టకపోయినా పేజీ అలాగే ఉంటుంది. డ్రాఫ్టు దాచుకోవడమే తప్ప పేజీని ప్రచురించే అధికారం ఆమెకు లేదు. ఆ తల్లి ఈపాటికి ప్యాకెట్ తెప్పించుకుని ఉంటే?

భోజనాల వేళ ఆటో ఎక్కి గోల్‌బజార్ వెళ్లింది. కన్యకాంబ గారు కొట్లో కూర్చుని బెంగాలీలో బేరాలు తెగ్గొడుతోంది. వినీత ఒక కందిపొడి ప్యాకెట్ కొని, ఇందులో వేరుశనగ ఉందా పిన్నీ అని మామూలుగా అడిగింది.

“ఏసినాం. పోయినేడు నుంచి ఏస్తన్నాం. రుచి కుదిరింది. ఏటమ్మా, ఎందుకడిగినావు?”

వినీత అక్కడే ఆగిపోవచ్చు. ప్యాకెట్ తీసుకుని వెనక్కి రావచ్చు. ఫోన్ తీసి పేజీ చూపించింది.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కోప్పడలేదు. నెమ్మదిగా, “ఇది ఎవరు రాసినారు?” అంది.

“మేమే పిన్నీ.”

“నేను కొత్త లేబుల్ పంపినాను కదా. ఎవరూ సూడలేదా?” అని అక్కడికక్కడే ప్రదీప్‌కి ఫోన్ చేసింది.

వినీత తిరిగొచ్చేసరికి పేజీ అమ్మకాల నుంచి దించేశారు. ప్రదీప్ ఆమె వైపు చూడకుండా కొత్త వాక్యాలు రాయమన్నాడు. ఆమె రాసింది: “మేము కందిపప్పుతో పాటు వేరుశనగ కూడా వేయించి దంచుతాం. వేరుశనగ పడనివాళ్లు దీన్ని వాడవద్దు.” వాడవద్దు అంటే గొంతు మారుతోందని ప్రదీప్ అన్నాడు. పెద్దావిడైనా ఇక్కడ ఇలాగే చెబుతుందని వినీత అంది. అతను ఇంకేమీ మార్చకుండా ప్రచురించాడు. పాపకు పెట్టవద్దని ఆసన్‌సోల్‌కు జవాబు వెళ్లింది. ఇంకా ప్యాకెట్ విప్పలేదని ఆ తల్లి నుంచి ఒక్క ముక్క వచ్చింది. వినీత కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

శనివారం కాగితం ఇవ్వలేదు. తన పొడులు ఇక్కడే ఉండాలంటే మిగతా నూట ఎనభై ఆరు పేజీల్నీ లేబుళ్లతో సరిచూడాలని కన్యకాంబ గారు పట్టుబట్టిందట. ఆ పని వినీతే చెయ్యాలన్నదట.

“నీ కళ్లు మంచివని ఆవిడే సెప్పింది. అవి అయినాక సంతకం పెడతాను,” అన్నాడు ప్రదీప్. గొంతులో కక్ష లేదు. అలిసిపోయినట్టుంది.

వినీత లెక్క వేసుకుంది. నెలాఖరుకు ఇంకా పది రోజులే. రోజుకు పది పేజీలైనా నెలాఖరు దాటిపోతుంది. కాలేజీకి ఫోన్ చేస్తే గడువు పొడిగించడం కుదరదన్నారు. వెళ్లిపోతే మూడు నెలలూ వృథా. ఉండిపోతే రోజుకు ఇరవై చూడాలి. అంత వేగంగా చూస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది, తప్పిపోయింది మళ్లీ ఎవరో తల్లి చదువుతుంది.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి లేబుల్ తెరిచింది. నువ్వులపొడి. అక్షరాలు మసగ్గా ఉన్నాయి. పెద్దది చేసింది.