నాలుగువందల పద్దెనిమిదో ఐస్ బిల్లు

ఆ మధ్యాహ్నం బందరు మీద సన్నటి జల్లు పడుతోంది. మా చేపల కంపెనీ ఆఫీసు కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చి, ఫ్యానూ కాగితాలూ నా కళ్ళూ అన్నీ ఒకే మత్తులో ఊగుతున్నాయి. సరిగ్గా అప్పుడే, నేను బిల్లులు సరిచూసే కంప్యూటర్ తెర మీద ఎర్రటి గీత వెలిగింది. మాణిక్యం మావయ్య పంపిన రెండు ఐస్ బిల్లులూ ఒకటేనట.

మావయ్య మా వ్యాను డ్రైవరు. దివిసీమలో ఐస్ ఎక్కించుకుని, రేవుకు వెళ్ళి, చేపలు నింపుకొస్తాడు. ఐస్ బిల్లంటేనే తడి, ఆఫీసు చేరేలోపు ముద్దయిపోతుంది. అందుకే అక్కడికక్కడే ఫోటో తీసి పంపమంటాం, అది చూసి డబ్బులిస్తాం. ప్రోగ్రాం ఆ ఫోటోలో అక్షరాలు చదివి ఫ్యాక్టరీ పేరు, నంబరు, తేదీ, మొత్తం పోల్చి చూస్తుంది. వీటిలో అన్నీ ఒకటే. నంబరు 418. ఒక ఫోటో ఎండలో, వ్యాను డాష్‌బోర్డు మీద తీసింది. రెండోది నీడలో, తొడ మీద ఏటవాలుగా పెట్టుకుని తీసింది.

"ఒకే కాగితం, రెండు ఫోటోలు. ఒక్కరోజులో రెండుసార్లు ఐస్ ఎవడు ఎక్కిస్తాడమ్మా సువర్ణా?" అన్నాడు మేనేజరు ధనరాజు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే అక్కడి గుమాస్తా బిల్లు పుస్తకంలో నకలు చూసి, "418 ఉందండీ, ఒక్క లోడే" అన్నాడు. వ్యాను తాళాలు ఇచ్చేసి వెళ్ళిపొమ్మని మావయ్యకు కబురు వెళ్ళింది.

ఆయన తడిసిన చొక్కాతో వచ్చి తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు పడవలు ఆలస్యమయ్యాయండీ. ఎక్కించిన ఐసు ఎక్కించినట్టే కరిగిపోయింది. చేపలొచ్చాక ఐసు లేకపోతే కుళ్ళిపోవూ? మళ్ళీ వెళ్ళి తెచ్చాను."

"నిప్పు లేనిదే పొగ రాదు మాణిక్యం."

"కడుపు మీద కొట్టండి సార్, పడతాను. మా ఎల్లమ్మ రేపు బజార్లో చేపలమ్ముకోవాలి. దాన్ని దొంగోడి పెళ్ళాం అనిపించకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు మంచిది కాదని ఆఫీసులో నాకెలాగూ పేరుంది. "సార్, అక్షరాలు కలిసినంత మాత్రాన కాగితం ఒకటైపోతుందా? ఒక్క పావుగంట ఆగండి" అన్నాను.

రెండు ఫోటోల్నీ తెర మీదికి తెచ్చాను. ఏటవాలుగా ఉన్నదాని నాలుగు మూలలూ పట్టి లాగి, బిల్లును చదును చేశాను. పైదాన్ని సగం పారదర్శకంగా చేసి రెండోదాని మీద పరిచాను. చెరువు నీళ్ళలో నీడ కదిలినట్టు ఒక బిల్లు ఇంకోదాని మీద మెల్లగా జారింది. వాన చప్పుడు ఎక్కడో దూరమైపోయింది. అచ్చు గీతలు గీతల మీద కూర్చున్నాయి. ధనరాజు మాటే నిజమా అనుకున్నాను. అంతలోనే, అచ్చు ఫారం కదా, గీతలు కలవక ఏం చేస్తాయని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు చేతిరాత చూశాను. కలవలేదు. ఒకే కాగితమైతే గీతలు కలిసినచోట రాత కూడా కలవాలిగా! ఒక సంతకం తోక ఇంకో సంతకం పక్కన విడిగా తేలుతోంది. రబ్బరు స్టాంపు ఒకదాంట్లో మొత్తం మీద పడింది, రెండోదాంట్లో అంచుకు జారింది. పెడనలో మా నాన్న బట్టల మీద అచ్చులు వేస్తాడు. ఒకే అచ్చు రెండుసార్లు వేస్తే ఆయన చేతిలో కూడా అంతే, ఎక్కడో ఒక పిసరు తేడా వస్తుంది.

"ఇవి రెండు కాగితాలు సార్!"

"మరి నంబరు ఒకటెలా అయ్యిందమ్మా?"

మళ్ళీ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, అదే ప్రశ్న గుమాస్తాను అడిగాను. "418 చూశారుగా, దాని తర్వాత ఆకు తిప్పండి బాబూ."

ఫోన్లో కాగితం చప్పుడు. "అయ్యబాబోయ్, ఇదీ 418 అండీ! ఆ తర్వాతే 419. ప్రెస్సులో నంబరు మిషను ఇరుక్కుపోయినట్టుంది. ఈ రెండోదీ మాణిక్యం పేరే, అదే రోజు."

స్పీకర్లో అందరమూ విన్నాం. ధనరాజు తాళాలను వేలితో మెల్లగా మావయ్య వైపు తోశాడు. "సరేలే, పొరపాటు. మనసులో పెట్టుకోకు."

మావయ్య తాళాలు తీసుకోలేదు. తెర దగ్గరికి వచ్చి, ఒకదాని మీద ఒకటి తేలుతున్న తన బిల్లుల్ని వంగి చూశాడు. రెండో ఫోటో అంచున ఆయన బొటనవేలు పడింది, ఐసులో నాని తెల్లగా ముడతలు పడి. ఇంతసేపూ సంతకం తోకలు చూశానుగానీ, ఆ వేలు నా కంటికి ఆననేలేదు.

"సువర్ణమ్మా, ఈసారి నుంచి బిల్లుతో పాటు నా మొహం కూడా ఫోటో తీసి పంపమంటావా?"

అంత నోరున్న నాకు ఏడుపొచ్చింది.

బయట జల్లు ఆగింది. ఆయన ఫోన్ మోగింది. రేవు నుంచి. పడవలు వస్తున్నాయట. మావయ్య తాళాలు తీసుకుని ఐసుకు బయల్దేరాడు.