వెనక్కి పారిన కరెంటు

చూపుడువేలు కాలిన సంగతి సదానందం ఎవరికీ చెప్పలేదు. పొక్కు కనబడకుండా టీ గ్లాసును ఎడమచేత్తో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం టీ వేళ. షెడ్డు నిండా మనుషులు. సూపర్‌వైజర్ ప్రమోద్ అందరిముందూ మరాఠీ కలిసిన తెలుగులో అడిగాడు.

"కాయ్ సదానందం కాకా, మాజ్రి గని నుంచి వచ్చిన ర్యాకు మళ్లా కాలిందట? దీపాలు లేక అక్కడ వాళ్లు మొత్తుకుంటున్నరు. ఏమైంది దానికి?"

గనివాళ్ల టోపీ దీపాలకు ఛార్జింగ్ పెట్టే ర్యాకు అది. దాని పవర్ సప్లయ్‌ని ఈ వర్క్‌షాపులో బాగుచేసింది ఇద్దరు. ఒకరు సదానందం. రెండోవారు విద్య, రాజురా దగ్గరి తెలుగు రైతుల పిల్ల, డిప్లొమా చదివి వచ్చింది. ఆమె ప్రొబేషన్ అయిపోవస్తోంది. ఉంచాలా తీసేయాలా అన్నది సదానందం చెప్పే మాటను బట్టే ఉంటుంది.

"సోల్డరింగ్ కచ్చాగుంది" అన్నాడు సదానందం. "పిల్లకు ఇంకా చెయ్యి కుదరలే."

విద్య బల్ల చివర కూర్చుని ఉంది. తలెత్తి అతని ముఖంలోకి చూసింది. సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయింది.

"చదువుకున్నోళ్ల చేతులు కాకా, మెహెందీకి తప్ప దేనికీ పనికిరావు" అన్నాడు లేత్ మిషన్ రాకేష్. అందరూ నవ్వారు. సదానందం కూడా నవ్వాడు. ఆ నవ్వే తర్వాత అతన్ని ఎక్కువ తొలిచింది.

"బరం, సరే" అన్నాడు ప్రమోద్. "సోమవారం నుంచి స్క్రాప్ షెడ్డుకు పంపుతా. పర్మనెంట్ సంగతి తర్వాత సూద్దాం."

సోల్డరింగ్‌లో లోపం లేదని సదానందానికి తెలుసు. ఆ పొద్దున, తిరిగొచ్చిన ర్యాకులో కాలిన స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ మార్చి, దీపాలన్నీ తగిలించి ర్యాకు ఆన్ చేశాడు. కాసేపటికి వాసన వచ్చింది. ఆపి, మూత తీసి, ఏది వేడెక్కిందో వేలితో తడిమాడు. టంకాలు అద్దంలా మెరుస్తున్నాయి. వేలిని కాల్చింది డయోడు. తను వేయించిన డయోడు.

మొదటిసారి ర్యాకు వచ్చినప్పుడు అందులో కాలిపోయింది సన్నటి డయోడు. సదానందం తన డబ్బాలోంచి లావుపాటి నల్ల డయోడు తీసి ఇచ్చాడు. ముప్పయ్యేళ్లుగా ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లన్నింటికీ అదే వేస్తున్నాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఎక్కువ ఆంపియర్లు మోసేది ఎక్కడైనా మోస్తుందని అతని లెక్క.

"కాకా, ఇది స్లో డయోడు" అంది విద్య. "ఈ సప్లయ్ సెకనుకు యాభై వేల సార్లు కొట్టుకుంటది. ఇది అంత జల్ది మూసుకోదు. ఫాస్ట్ రకం కావాలె."

"డయోడ్ల స్లో ఏంది, ఫాస్ట్ ఏంది? ఒక దిక్కు పోనిస్తది, ఇంకో దిక్కు ఆపుతది. మీటరు పెట్టి సూడు, మంచిగనే ఉంది."

"మీటరుకు తెల్వది కాకా. ముందుకు కరెంటు పోతున్నప్పుడు దాని లోపల చార్జి జమ అయితది. కెపాసిటర్ లెక్కనే. డిఫ్యూజన్ కెపాసిటెన్స్ అంటరు. వోల్టేజీ తిరగబడ్డా ఆ జమ ఖాళీ అయ్యేదాకా కరెంటు వెనక్కి పారుతనే ఉంటది."

"నేను ఛార్జర్లు చేయబట్టినప్పుడు నువ్వు పుట్టనే లేదు. వెయ్యమన్నది వెయ్యి."

వేసింది. ఒక్క దీపం తగిలించి చూశారు. చల్లగా నడిచింది. "ఏమాయె నీ కెపాసిటరు?" అన్నాడు సదానందం. ఆమె మూత బిగించింది.

శనివారం భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక సదానందం అన్నం డబ్బా తెరవలేదు. భార్య పోయాక తనే వండుకుంటున్నాడు. తిన్నా తినకపోయినా అడిగేవాళ్లు లేరు. లావు డయోడొకటి తీసి, దానికి వరసలో రెసిస్టర్ కలిపి, సిగ్నల్ జనరేటరుకు తగిలించాడు. రెసిస్టర్ మీద స్కోపు పెట్టాడు. దాని తెర మీద గీతగా కనబడేది డయోడులో పారే కరెంటే.

యాభై హెర్ట్జ్ దగ్గర, అంటే మామూలు లైను కరెంటు వేగంలో, గీత శుభ్రంగా ఉంది. ముందుకు పారింది, సున్నా దగ్గర ఆగింది. ముప్పయ్యేళ్లు అతను చూసిన ప్రపంచం అదే.

ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోయాడు. సున్నా దగ్గర ఆగాల్సిన గీత కిందికి దిగింది. దిగి, అక్కడే బల్లపరుపుగా కాసేపు నిలబడింది. ఆ తర్వాతే మెల్లగా పైకి తేలింది. ఆ బల్లపరుపు ఉన్నంతసేపూ డయోడు తలుపు తెరిచే ఉంది. కరెంటు వెనక్కి పోతోంది. యాభై వేల దగ్గర, మూసుకుని ఉండాల్సిన వేళలో చాలా భాగాన్ని అదే మింగేసింది.

వెనక్కి లాగే వోల్టేజీ అట్లాగే ఉంచి, ముందుకు పంపే కరెంటు పెంచాడు. బల్లపరుపు ఇంకా సాగింది. ఎంత ఎక్కువ పంపితే లోపల అంత ఎక్కువ జమ. ఒక్క దీపంతో చల్లగా ఉన్నది, అన్ని దీపాలూ తగిలిస్తే ఎందుకు కాలిందో అతనికి అర్థమైంది. డయోడు ఇంకా మూసుకోకముందే ట్రాన్సిస్టర్ ఆన్ అవుతోంది. ఆ వెనక్కి పారే కరెంటు బరువంతా దాని నెత్తిన పడుతోంది.

లావు డయోడు తీసి, విద్య అడిగిన రకం సన్నటిది పెట్టాడు. గీత సున్నా దగ్గర కోసినట్టు ఆగింది.

స్కోపు ఆపేశాడు. గదిలో ఎవరూ లేకపోయినా అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. తెలియకపోవడం వేరు. అతనికి తెలియనిది ఈ గీత మాత్రమే. వేలు కాలినప్పుడే తప్పు తనదని తెలుసు. తెలిసి, ఆ కాలిన చేతిని దాచుకుని, ఆ తప్పును ఆడపిల్ల మీద వేశాడు. ఎవరూ చూడకుండా డయోడు మార్చి ర్యాకు పంపేస్తే సరిపోతుంది కదా అని ఒక ఆలోచన కూడా వచ్చింది. ర్యాకు నడుస్తుంది. విద్య సోల్డరింగ్ కచ్చాగానే మిగిలిపోతుంది.

సాయంత్రం టీ షెడ్డుకు వెళ్లాడు. అవే ముఖాలు. విద్య అదే బల్ల చివర ఉంది.

"ప్రమోద్ సాబ్, ర్యాకు కాల్చింది నేను" అన్నాడు.

"అదేంది కాకా?"

"డయోడు తప్పు. అది నేను వెయ్యమన్న. ఈ పిల్ల వద్దన్నది. సోల్డరింగ్ మంచిగనే ఉంది. అది మొన్న మీకు చెప్పేటప్పుడు గూడ నాకు తెలుసు."

చివరి మాట అనకుండా ఉంటే బాగుండేదని అందరి ముఖాల్లో కనబడింది. రాకేష్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ప్రమోద్ గొంతు సవరించుకున్నాడు. "జావూ దే, పోనియ్ కాకా, పెద్దోళ్లకు గూడ పొరపాటు అయితది."

"పొరపాటు కాదు" అన్నాడు సదానందం. "ఆమెను స్క్రాప్ షెడ్డుకు పంపకుండ్రి. ఆమె పని మంచిదని నేను చెప్తున్న."

ప్రమోద్ తలాడించాడు. విద్య లేచి దగ్గరికి వచ్చింది. థాంక్స్ అంటుందని అక్కడున్నవాళ్లు అనుకున్నారేమో.

"ఆ డయోడు వేసిన పొద్దు నేను చెప్పింది మీకు ఇనవడ్డది గదా కాకా?"

"ఇనవడ్డది."

"సమజ్ అయిందా?"

అతను కాలిన వేలిని బొటనవేలితో నొక్కుకున్నాడు. "అయ్యేది. కానియ్యలే."

"నవ్వినరు గూడ" అంది విద్య.

ఆమె వర్క్‌షాపులో పని బల్లల వైపు వెళ్లిపోయింది. సదానందం వెనక్కి వచ్చేసరికి అతని డబ్బాలోని లావు డయోడ్లన్నీ బల్ల మీద పోసి ఉన్నాయి. విద్య తల ఎత్తలేదు.

"ఇవి వేసి పంపిన స్విచ్చింగ్ సప్లయ్‌లు ఇంకేమన్న ఉన్నయా?" అంది.

ఆవర్‌పూర్ వైపు పోయినది ఒకటి గుర్తొచ్చింది.

"ఉంది" అన్నాడు.

"తెప్పియ్యండి."

ఆ రోజు నుంచి ఆమె అతన్ని కాకా అని పిలవలేదు. ఎందుకని సదానందం అడగలేదు.