ఇరవై అయిదు మీటర్లు

లాస్‌పేటలో మహాలక్ష్మి ఫిజిక్స్ ట్యూషన్ చెబుతుంది. పిల్లలు హోంవర్క్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఆమె దిద్ది తిప్పి పంపుతుంది. "యూనిట్ రాయని జవాబును నేను కొనను," అనేది ఆమె వ్యాపార సూత్రం.

ఆ సాయంత్రం వచ్చిన ఫోటో పైన, పంపినవారి పేరు పక్కనున్న చిన్న బొమ్మలో, వేల్మురుగన్ నవ్వుతున్నాడు. వాడు ఆమె పాత విద్యార్థి. మూడు నెలల కిందట బస్సు కింద పడి చనిపోయాడు. ఆమె ఆ పేరు మళ్లీ చదివింది. అప్పుడు గుర్తొచ్చింది: అన్న ఫోను ఇప్పుడు ట్యూషన్‌కు వస్తున్న చెల్లెలు తేన్మొళి దగ్గరుంది.

లెక్క చదివింది. 'బస్సు వేగం గంటకు 72 కి.మీ. బ్రేకు 500 సెం.మీ./సె². అడ్డం వచ్చినవాడు 25 మీటర్ల దూరంలో ఉన్నాడు. బస్సు ఆగుతుందా?'

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. వాడు పోయిన రోజు రోడ్డు అవతలి నుంచి "రా అన్నా" అని పిలిచింది తేన్మొళే. ఆ సంగతి వీధికంతా తెలుసు, ఎవరూ అనరు.

యూనిట్ల మార్పులో తప్పు లేదు. 72 × 1000 ÷ 3600 = 20 మీ./సె. బ్రేకు 5 మీ./సె². కింద ఆగే దూరం: v ÷ 2a = 2 మీటర్లు. 'ఆగుతుంది' అని రాసి దాని కింద రెండు గీతలు గీసింది తేన్మొళి. అంటే తప్పు డ్రైవరుది; పిలిచినదానిది కాదు.

మహాలక్ష్మి ఫోను చేసింది.

"ఏందే తేనూ, చివర డైమెన్షన్ చూడలా?"

"జవాబొచ్చేసింది కదక్కా."

"చూడు."

అవతల పెన్ను కదిలింది. "LT⁻¹ని LT⁻²తో భాగిస్తే... T."

"దూరం అడిగితే కాలమొచ్చింది. యాడ తప్పింది?"

"v స్క్వేరక్కా. 400 బై 10. నలభై మీటర్లు." పెన్నుతో ఏదో కొట్టేసిన చప్పుడు. "L సరిపోయింది. ఆగదు."

మహాలక్ష్మి నోరు తెరిచేలోగా తేన్మొళి ఫోను పెట్టేసింది.

పది నిమిషాలకు వేల్మురుగన్ పేరుతో ఇంకో ఫోటో. వేగం 54 కి.మీ. 15 మీ./సె. 225 బై 10, ఇరవై రెండున్నర మీటర్లు. చివర [L] చుట్టూ గుండ్రంగా గీత. 'ఆగుతుంది.'

ఎక్కడా తప్పు లేదు. ఎర్ర సిరాకు చోటు లేదు.

'54 యాడ నుంచి తెచ్చినావు?' అని రాసింది.

'నేను పిలిచినప్పుడు బస్సు మెల్లగానే వచ్చిందక్కా. అంతే ఉంటుంది.'

వెంటనే ఇంకో ఫోటో. వేగం 60. బ్రేకు మార్చింది. మళ్లీ ఆగింది. ఇంకొకటి. ఒక్కో కాగితంలో ఒక్కోసారి వాడు బతుకుతున్నాడు, డైమెన్షన్‌తో సహా సరిగ్గా.

మహాలక్ష్మి ఫోను బల్ల మీద వదిలేసి చెప్పులు వేసుకుంది. ఆ పిల్ల ఇల్లు రెండు వీధుల అవతల. తన ఇంటి గేటు తీస్తుంటే లోపల ఫోను ఇంకో ఫోటో వచ్చినట్టు మళ్లీ మోగింది.