పచ్చడి సీసా మీద పేరు

తెనాలిలో మా ఖలీల్ మామూకి ప్రింటింగ్ షాపు ఉంది. సీతారావమ్మగారి పచ్చడి సీసాల లేబుళ్లు సాయంత్రానికల్లా ప్రింటుకి వెళ్లాలి. మామూ నెట్‌లోంచి దించిన ఇంగ్లీషు ఫాంటు ఆవిడకి తెగ నచ్చింది. దాంతోపాటు వచ్చిన లైసెన్సు ఫైలు నేను చదివాను. సొంత వాడకానికే ఉచితం, అమ్మే సరుకు మీద వేయాలంటే అనుమతి కావాలని ఉంది.

"పచ్చడి ఆవిడ సొంతమేగా!" అన్నాడు మామూ.

"అమ్ముతున్నారుగా మామూ," అన్నాను నేల చూస్తూ.

ఫాంటు చేసినాయనకి మెయిల్ పెట్టాం. సాయంత్రమైనా జవాబు రాలేదు. చివరికి లేబుల్ మీద పేరు నేనే బ్రష్షుతో రాశాను. సీతారావమ్మగారు మురిసిపోయారు.

మామూ స్కాన్ చేయబోయి ఆగాడు. "ఆస్మా, మరి దీని లైసెన్సు?"

"ఇంటి వాడకానికి ఉచితం. సీసాల మీదకైతే ఒక పచ్చడి సీసా."

సీతారావమ్మగారు వెంటనే సంచీలో చెయ్యి పెట్టారు. "ఆవకాయా, గోంగూరా అమ్మాయ్?"