తెరుచుకోని కంటి రిపోర్టు

నాలుగింటికి రేపటి ఆపరేషన్ల జాబితా మూసేస్తారు. కంటి సర్జన్ ఈ ఆసుపత్రికి మళ్లీ వచ్చేది పదిహేను రోజులకు. అన్నాళ్లు ఆగితే ఎడమ కంట్లో మిగిలిన చూపు కూడా దక్కదని డాక్టరు మా తోటికోడలికి ముందే చెప్పాడు.

మూడు దాటి పది నిమిషాలయింది. కౌంటరు గుమస్తా స్కాన్ రిపోర్టున్న మా పెన్‌డ్రైవును కంప్యూటరుకు పెట్టి, తెర మీద ఏదో కనబడగానే టక్కున నొక్కేశాడు.

"ఫైలు పాడైందమ్మా. స్కాన్ మళ్లీ తీయించుకు రండి."

"కాగితం మీద తెస్తే?"

"డాక్టరుగారు లోపల తెర మీదే చూస్తారు. ఫైలే కావాలి."

స్కాన్ సెంటరు వెనక వీధిలోనే. తోటికోడల్ని బెంచీ మీద కూర్చోబెట్టి పరుగులాంటి నడకతో వెళ్లాను. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి పెన్‌డ్రైవు పెట్టగానే రిపోర్టు చక్కగా తెరుచుకుంది.

"బాగానే ఉందిగా, పిన్నిగారూ! ఫైలు పేరు పొడుగైందేమో." పేరు కురచ చేసి ఇచ్చింది.

మళ్లీ కౌంటరు. మళ్లీ టక్కున నొక్కుడు. "అదే పాట," అన్నాడు గుమస్తా.

ఈసారి నేను కదల్లేదు. స్కాన్ సెంటరుకు ఫోన్ కలిపి అతని చేతికిచ్చాను. అవతలి అమ్మాయి గొంతు నాకూ వినబడుతోంది.

"తెర మీద ఏమని వస్తోంది సార్?"

"ఏదో వస్తుంది. రోజుకు వంద వస్తాయి, ఓకే కొట్టేస్తా."

"ఈ ఒక్కటీ చదవండి సార్, పుణ్యముంటుంది."

అతను మళ్లీ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. పాడైందని కాదు. ఈ ఫైలు ఆ కంప్యూటర్లో ఫైళ్లు తెరిచే రీడరు కంటే కొత్త వెర్షన్‌లో ఉందట.

"అయ్యో! పోయిన వారమే మా సాఫ్ట్‌వేర్ మార్చారు," అంది ఆ అమ్మాయి. "పేరు మారిస్తే లోపలిది మారదు కదా, నా బుద్ధి! పిన్నిగారిని రమ్మనండి."

నేను వెళ్లేసరికి తెర మీద ఫైలు సేవ్ చేసే పెట్టె తెరిచి ఉంచింది. వెర్షన్ దగ్గర 1.7 అని ఉన్నదాన్ని 1.4 చేసింది.

"బొమ్మలు చెడవుగా?"

"చెడవు. ఫైలు కాస్త లావెక్కుతుంది, అంతే. ముసలి కంప్యూటరుకు అర్థమయ్యేట్టు రాసిపెడుతున్నాం."

మూడూ యాభై రెండుకు గుమస్తా పెన్‌డ్రైవు పెట్టాడు. అతని వేలు అలవాటుగా మీట దాకా వెళ్లి ఆగింది. నొక్కడానికి ఏమీ రాలేదు. తెర నిండా మా తోటికోడలి కన్ను, ఎర్రగా, గుండ్రంగా.

"రేపు ఉదయం ఎనిమిది. మూడో నంబరు," అని చీటీ రాసిచ్చాడు. "వెళ్లండమ్మా. ఈ వారంలో నలుగురిని ఇలాగే తిప్పి పంపాను. వాళ్లకూ ఫోన్ చేయాలి."

చీటీ తోటికోడలి చేతిలో పెట్టి పక్కన కూలబడ్డాను.

"దొరికిందా అక్కా?"

"దొరికిందే."

ఆమె చీటీని రెండు చేతుల్తో పట్టుకుని పెద్దగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య! పొద్దుట్నుంచీ తేదీ పోతుందనే బెంగ. ఇప్పుడిక తీరిగ్గా ఆపరేషనుకు భయపడతా," అంది.

ఇద్దరం ఎంత నవ్వామంటే, గుమస్తా కౌంటరులోంచి తల బయటపెట్టి చూశాడు.